మంత్రి గారూ, తెల్ల కిట్లు ఎప్పుడొస్తాయి?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను వరంగల్ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుని. సుఖవ్యాధుల పుండ్లకు ఇచ్చే తెల్ల మందుల కిట్ల కోసం ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటికీ ‘ఇండెంట్ పెట్టండి’ అనే జవాబొచ్చింది. పెడుతూనే ఉన్నాం సార్.

బూడిద రంగు కిట్లకు కొదవ లేదు. చీము కారుతోందని వచ్చినవాళ్లకు అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు నా ఎదుటే మింగిస్తున్నా. గనేరియానా, క్లమీడియానా అని తేల్చే ల్యాబ్ లేకపోయినా రెండింటికీ మందు పడిపోతుంది.

గొడవంతా పుండ్లతోనే. నీటి పొక్కులు లేని పుండు సిఫిలిసో, షాంక్రాయిడో చూసి చెప్పలేం. అందుకే తెల్ల కిట్‌లో 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్, గ్రాము అజిత్రోమైసిన్ రెండూ పెట్టారు. పెన్సిలిన్ పడనివాళ్లకు దాని బదులు డాక్సీసైక్లిన్ మాత్రలున్న నీలం కిట్. మా దగ్గర ఇప్పుడు ఊరందరికీ పెన్సిలిన్ పడదన్నమాట!

మొన్న ఫిబ్రవరిలో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే డ్రైవరొకాయన వచ్చాడు. గట్టి అంచు, నొప్పి లేని పుండు. పెన్సిలిన్ పడదా అంటే, ‘చిన్నప్పుడు ఎన్నో సూదులు వేయించుకున్నా’ అన్నాడు. తెల్ల కిట్ లేక డాక్టర్ గారు నీలం రాశారు. అజిత్రోమైసిన్ అక్కడే మింగాడు. డాక్సీ మాత్రం రోజుకు రెండు చొప్పున 15 రోజులు వాడాలి. నెల తర్వాత ‘తగ్గిపోయింది సార్’ అంటూ వచ్చాడు. జేబులోంచి తీసిన స్ట్రిప్పుల్లో 30కి 19 మాత్రలు అలాగే ఉన్నాయి. పరగడుపున వేసుకుంటే వాంతి వచ్చిందట, మానేశాడు.

సిఫిలిస్ పుండు మందు వేసినా వేయకున్నా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుంది. క్రిమి ఒంట్లోనే ఉండిపోతుంది. మా రిజిస్టర్‌లో మాత్రం ‘నయమైంది’ అని ఉంది. రివ్యూ మీటింగులో మాకు మంచి మార్కులే పడి ఉంటాయి.

ఆయన భార్యకు అయిదో నెల. ఆమెకు డాక్సీ ఇవ్వకూడదు, కడుపులో బిడ్డకు కూడా మందు అందాలంటే పెన్సిలినే దిక్కు. బయటికి రాసిస్తే మూడు మెడికల్ షాపులు తిరిగి ఖాళీ చేతులతో వచ్చారు. వరంగల్ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాం. వెళ్లారో లేదో తెలియదు. కూలి పోతుందని ఆమె గొణుక్కుంటూ వెళ్లడమే చూశా.

నిజం చెప్పాలంటే, సూది వేస్తే రియాక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో తెల్ల కిట్ రాకపోవడమే నయమనుకునే వాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లకు ధైర్యం రావాలంటే అడ్రినలిన్ ఆంప్యూల్స్, ఒకరోజు ట్రైనింగ్ చాలు. అవి కూడా అడిగాం. అయ్యా, దయచేసి తెల్ల కిట్లు పంపించండి. ముందు తెల్ల కిట్లు.

నా అల్మారాలో నీలం కిట్లు 40 ఉన్నాయి. ఎక్కడైనా కొరత ఉంటే చెప్పండి, బస్సులో వేసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పీహెచ్‌సీ ఫార్మసిస్టు