వార్షిక నివేదిక: ఈ ఏడాది మన హాలు డ్రైనేజీ లైను కథ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి కార్యక్రమాలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, తెలుగు బడిలో పిల్లల సంఖ్య పెరిగింది, ఫొటోలూ లెక్కలూ గ్రూపులో ఇప్పటికే పెట్టాం. అందుకని ఈసారి నివేదికలో ఎక్కువ భాగం డ్రైనేజీ లైను గురించే రాస్తున్నాం. మన డబ్బు అన్నిటికంటే ఎక్కువ దానికే అయింది, చాలామంది అడుగుతున్నది కూడా దాని గురించే.

మన హాలు న్యూజెర్సీలో 1950ల నాటి చర్చి భవనం అని మీకు తెలుసు. బాత్రూముల నుంచి వీధిలోని మెయిన్ దాకా 110 అడుగుల మురుగు లైను ఆనాటిదే, ఆరంగుళాల కాల్చిన మట్టి పైపు. మట్టి పైపు దానంతటది వందేళ్లైనా ఉంటుంది, గొడవంతా జాయింట్లతోనే. ఒక్కో ముక్క మూడడుగులు, అంటే దారి పొడవునా దాదాపు 36 జాయింట్లు. అప్పట్లో వాటిని సిమెంటుతో మూసేవారు. ఆ సిమెంటు పగిలిన చోట లోపలి తేమ బయటి మట్టిలోకి వస్తుంది, వేరు ఆ తేమను పట్టుకుని వెంట్రుక లాంటి సందులోంచి దూరుతుంది. లోపలికి వచ్చాక నీళ్లూ ఎరువూ రెండూ దొరుకుతాయి కాబట్టి కుచ్చులా అల్లుకుపోతుంది, టాయిలెట్ పేపరు దానికే చిక్కుకుంటుంది. లాన్‌లో ఉన్న పెద్ద సిల్వర్ మేపుల్ చెట్టు సరిగ్గా ఈ లైనుకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. ఉగాదికి మూడొందల మంది వచ్చిన రోజున నేలమాళిగ డ్రెయిన్ లోంచి నీళ్లు పైకి తన్నింది అందుకే.

ఇన్నాళ్లూ ప్లంబరును పిలిచి కేబుల్‌తో వేర్లు కోయించేవాళ్లం. అది కత్తిరింపే గానీ వైద్యం కాదు, కోసిన వేరు మళ్లీ గుబురుగా పెరుగుతుంది. ఈసారి పైపునే బాగుచేయించాలని కమిటీ తీర్మానించింది.

రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకరు లైనంతా తవ్వి కొత్త పీవీసీ వేస్తామన్నారు, 31,000 డాలర్లు. ఇంకొకరు తవ్వకుండా పాత పైపు లోపలే లైనర్ వేస్తామన్నారు, 13,500. చూడగానే రెండోదే మేలనిపిస్తుంది, కొంతమంది సభ్యులు వెంటనే సంతకం పెట్టేయమన్నారు కూడా. కానీ లైనర్ ఏం చేయగలదో ఏం చేయలేదో తెలుసుకున్నాకే ముందుకెళ్లాం, ఆ విషయం మీకూ చెప్పాలి.

లైనర్ అంటే మందపాటి ఫెల్ట్ గొట్టం. దాన్ని రెజిన్‌లో బాగా నానబెట్టి, గాలి ఒత్తిడితో మేజోడును తిరగేసినట్టు పైపు లోపలికి పంపుతారు, పాత పైపు గోడకు అది అంటుకున్నాక ఆవిరితో గానీ వేడి నీళ్లతో గానీ గట్టిపరుస్తారు. అప్పుడు పాత పైపు లోపల జాయింటే లేని కొత్త పైపు తయారవుతుంది. ఇది 1971లో లండన్‌లో మొదలైన పద్ధతి, కొత్తదేం కాదు. వ్యాసం కొద్దిగా తగ్గుతుంది, కానీ లోపలి గోడ నున్నగా అవుతుంది కాబట్టి నీటి పోకకు ఇబ్బంది ఉండదు. అయితే లైనర్ పాత పైపు ఆకారాన్నే ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. పైపు ఎక్కడైనా కుంగి ఉంటే లైనర్ కూడా అక్కడ కుంగే ఉంటుంది. వేర్లను ఆపగలదు గానీ వాలును సరిచేయలేదు.

మరి పైపు కుంగిందో లేదో ఎలా తెలుస్తుంది? మొదట తీసిన కెమెరా వీడియోలో అంతటా నీళ్లే కనిపించాయి. వేర్ల కుచ్చు అడ్డంగా ఉంటే దాని వెనక నీళ్లు నిలుస్తాయి, చూడటానికి పైపు కుంగినట్టే ఉంటుంది, కాబట్టి ఆ వీడియోతో ఏదీ తేలదు. అందుకే ముందు అధిక పీడన నీటి జెట్‌తో వేర్లన్నీ తీయించి, కుళాయిలు కాసేపు తెరిచి, కట్టేసి, నీళ్లు పోయేదాకా ఆగి మళ్లీ కెమెరా పంపించమన్నాం. లాన్ కింద పైపు ఖాళీగా, శుభ్రంగా ఉంది. కానీ పార్కింగ్ కింద 70వ అడుగు దగ్గర కెమెరా నీళ్లలో మునిగింది, 84 దాటాకే బయటికొచ్చింది. మధ్యలో సగం పైపు ఎత్తున నీళ్లు నిలిచే ఉన్నాయి. అంటే అక్కడ పైపు నిజంగానే కుంగింది. జాయింట్ల లోంచి కారిన నీళ్లు కింది మట్టిని మెత్తబరిచి ఉంటాయి, పైన కేటరింగ్ ట్రక్కుల బరువు తోడై ఉంటుంది.

అక్కడ లైనర్ వేసి ఉంటే వేర్లు ఆగేవే, మన వంటగది నుంచి వచ్చే నూనె మాత్రం ఆ గుంటలో పేరుకునేది. అటు లైనంతా తవ్వాలన్నా కష్టమే, చెట్టు మొదలుకు ఎనిమిది అడుగుల్లో కందకం తీస్తే ఒక పక్క పెద్ద వేర్లన్నీ తెగుతాయి. అంత పెద్ద మేపుల్‌కు ఒక పక్క పట్టు పోతే గాలివానలో అది హాలు మీదికే వస్తుంది.

కాబట్టి రెండూ కలిపి చేయించాం. కుంగిన చోట మాత్రం 16 అడుగులు తవ్వి, కింద కంకర గట్టిగా దిమ్మిస పట్టించి, సరైన వాలుతో పీవీసీ వేశారు. ఆ పరిమాణం పైపుకు అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం వాలు ఉండాలి, లెవెల్ పెట్టి చూపించాకే మట్టి కప్పనిచ్చాం. కందకం ఏడడుగుల లోతు కాబట్టి పక్కలు కూలకుండా ఇనుప షీట్లు పెట్టారు. తవ్వే ముందు 811కి ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించడం కాంట్రాక్టరే చేశాడు. ఇంకో లాభం కూడా వచ్చింది, పీవీసీ పెట్టే ముందు తెరిచి ఉన్న ఆ కందకం లోంచే ఒకసారి హాలు వైపు, ఒకసారి వీధి వైపు లైనర్లు పంపారు. తర్వాత అక్కడే పైకి ఒక క్లీన్‌అవుట్ పెట్టించాం, ఇక ముందు కెమెరా పంపాలంటే టాయిలెట్ ఊడదీయక్కర్లేదు.

అంతా కలిపి 19,800 డాలర్లు అయింది, పార్కింగ్ తారుతో సహా. బిల్డింగ్ ఫండ్ లోంచే ఇచ్చాం, విడిగా చందా అడగలేదు.

లైనర్ పనిలో రెండు చోట్ల మాత్రం జాగ్రత్తగా చూడాల్సి వచ్చింది. వంటగది పైపు వచ్చి కలిసే చోటును లైనర్ పూర్తిగా మూసేస్తుంది, తర్వాత లోపలి నుంచి చిన్న రోబో కట్టర్‌తో దాన్ని తెరవాలి. మొదటి వీడియోలో ఆ రంధ్రం మూడొంతులే తెరిచి, అంచు గరుకుగా ఉంది. అలా వదిలితే చెత్త అక్కడే పడుతుందని మళ్లీ కోయించి, ఇంకో వీడియో తీయించాకే చివరి చెక్కు ఇచ్చాం. రెండోది లైనర్ కొసలు. లైనర్‌కూ పాత పైపుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది, వేరు ఆ సందు వెంట పాకి కొస దగ్గర బయటికి రాగలదు. కొసల్లో నీళ్లు తగిలితే ఉబ్బే రబ్బరు సీళ్లు పెట్టించాం. వంటగది జాయింట్ దగ్గర అలాంటి సీలు లేదు, కాబట్టి మళ్లీ వేరు కనిపిస్తే అక్కడే కనిపించాలి.

అందుకే వచ్చే ఏడాది బడ్జెట్‌లో ఒక కెమెరా తనిఖీకి 350 డాలర్లు పెట్టాం, జనరల్ బాడీలో దాన్ని ఆమోదించమని కోరుతున్నాం. వీడియోలు, లోతులు రాసిన స్కెచ్ ఆఫీసు బీరువాలో డ్రైనేజీ ఫైలులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. వంట చేసే వాలంటీర్లు మాత్రం బూరెల నూనె సింకులో పోయకుండా డబ్బాలో పోసి పక్కన పెట్టండి, బాత్రూముల్లో తడి వైప్స్ కోసం మూత ఉన్న డస్ట్‌బిన్లు పెట్టాం.