మూడుసార్లు తిరిగి, రెండుసార్లు ఫారం ఇచ్చినా మా చెల్లె ఆధార్ ఇంకా పాత బ్యాంకు పేరు మీదే ఉంది

కస్టమర్ ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: దేవరకొండ శాఖలో ఆధార్ మ్యాపింగ్ మార్చకపోవడం వల్ల స్కాలర్‌షిప్ 12,000 రూపాయలు జమ కాకపోవడం గురించి.

సార్, మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. మా చెల్లె జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాసి సెలెక్ట్ అయింది. ఆ స్కాలర్‌షిప్ నెలకు వెయ్యి చొప్పున ఏడాదికి 12,000, అది నేరుగా పిల్ల ఖాతాలోనే పడాలి. అందుకోసమే మీ శాఖలో నాయినను గార్డియన్‌గా పెట్టి ఖాతా తీశాం. ఆధార్ జిరాక్స్ ఇచ్చాం, పాస్‌బుక్ వచ్చింది, అమ్మ ఫోన్‌కు మెసేజ్‌లు కూడా వస్తున్నాయి. అదే స్కూల్లో సెలెక్టయిన ఇంకో పిల్లకు డబ్బులు పడ్డాయి, మా చెల్లెకు పడలేదు. స్కూల్లో పోర్టల్ తెరిచి చూస్తే పేమెంట్ తిరిగి వెళ్లినట్టు చూపించింది.

మొదటిసారి నాయిన పత్తి ఏరే పని వదులుకుని మీ శాఖకు వచ్చాడు. కౌంటర్‌లో మేడం కంప్యూటర్ చూసి "ఆధార్ లింక్ అయ్యే ఉంది కదా, మా దగ్గర ఏ ప్రాబ్లం లేదు, స్కూల్లో అడగండి" అని పంపించేశారు. స్కూల్లో అడిగితే "మా వైపు అంతా ఓకే, బ్యాంకులో అడగండి" అన్నారు. ఇట్లా రెండు వారాలు తిరిగాడు. చివరికి నేను నల్గొండ నుంచి సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఫోన్ దగ్గర పెట్టుకుని myaadhaar.uidai.gov.in లో చెల్లె ఆధార్ నంబరుతో లాగిన్ అయ్యాను. అమ్మ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టి Bank Seeding Status నొక్కితే స్క్రీన్ మీద మీ బ్యాంకు పేరు లేదు, వేరే బ్యాంకు పేరు ఉంది, దాని పక్కన Active అని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. చెల్లె ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లోనే క్యాంపు పెట్టి పిల్లలందరికీ ఆ బ్యాంకులో జీరో ఖాతాలు తీశారు. ఆ పాస్‌బుక్ ఎప్పుడో పోయింది, ఒక్క రూపాయి వేయలేదు, తీయలేదు. ఆ బ్యాంకుకు పోయి అడిగితే ఖాతా క్లోజ్ అయిపోయిందని చెప్పారు. ఖాతా మూసేశారు గానీ ఆధార్ మ్యాపింగ్ తీసేయలేదు.

మీ కౌంటర్‌లో మేడం చూసిన లింకు అబద్ధమని నేను అనడం లేదు. కానీ లింకులు రెండు ఉంటాయి కదా సార్. ఒకటి మీ బ్యాంకు లోపల, ఖాతాకు ఆధార్ కేవైసీగా ఎక్కడం. రెండోది బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఉండే మ్యాపర్‌లో, ఈ ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పంపాలో రాసి ఉండడం. స్కాలర్‌షిప్ డబ్బు ఖాతా నంబరు మీద కాకుండా ఆధార్ నంబరు మీద వస్తుంది. మ్యాపర్ చూసి ఏ బ్యాంకు పేరు ఉంటే ఆ బ్యాంకుకు పంపిస్తారు, ఆ బ్యాంకు తన దగ్గర ఆ ఆధార్ ఏ ఖాతాకు ఉందో చూసి జమ చేస్తుంది. ఒక ఆధార్‌కు మ్యాపర్‌లో ఒక్క బ్యాంకే ఉంటుంది. మా చెల్లె డబ్బు మీ దాకా రానే లేదు, మూసేసిన ఖాతా దగ్గరికి పోయి తిరిగి వెళ్లింది. మొదటి లింకు ఒక్కటే చూసి "అంతా బాగానే ఉంది" అని చెప్తే మాలాంటి వాళ్లకు ఎట్లా తెలుస్తుంది సార్?

రెండోసారి నేనే వచ్చాను. ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే డీబీటీ కోసం, మ్యాపర్‌లో మీ బ్యాంకు పేరు ఎక్కించే ఆధార్ సీడింగ్ ఫారం నింపాం, నాయిన సంతకం పెట్టాడు. అక్నాలెడ్జ్‌మెంట్ అడిగితే "అవసరం లేదు, అయిపోతుంది" అని ఫారం తీసి అక్కడున్న కట్టలో పెట్టేశారు. వారం తర్వాత చూస్తే స్క్రీన్ మీద అదే పాత బ్యాంకు. మూడోసారి ఇంకో ఫారం ఇచ్చాం, మళ్లీ అదే. ఈసారి అడిగితే "మేం పంపాం, రిజెక్ట్ అవుతోంది" అన్నారు. ఎందుకు రిజెక్ట్ అవుతోందో చెప్పలేదు.

నాకు అనిపిస్తున్న కారణం చెప్తాను. మీ వాళ్లు దాన్ని కొత్త సీడింగ్‌గా పంపిస్తున్నారు. ఆధార్ ఎక్కడా లేనివాళ్లకు అది సరిపోతుంది. ఇప్పటికే వేరే బ్యాంకు పేరు మీద యాక్టివ్‌గా ఉన్నప్పుడు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్పుగా పంపాలి, అందులో పాత బ్యాంకు వివరం కూడా ఇవ్వాలి. మేం ఇచ్చిన రెండు ఫారాల్లోనూ పాత బ్యాంకు పేరు రాసే గడి ఖాళీగానే ఉండిపోయింది. నాయినకు తెలియక వదిలేశాడు, నేనూ గమనించలేదు, అది మా పొరపాటే. కానీ ఫారం తీసుకున్న మనిషి "ముందు ఏ బ్యాంకులో ఉంది?" అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడికక్కడే నింపేవాళ్లం. ఇప్పుడు ఈ లేఖతో పాటు ఆ గడి నింపిన కొత్త ఫారం, సీడింగ్ స్టేటస్ ప్రింటవుట్, పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ జత చేస్తున్నాను.

నాయిన ఇంకో భయం కూడా చెప్పాడు, చెల్లెది మార్చితే తన పీఎం కిసాన్ డబ్బులు కూడా అటు పోతాయేమోనని. ఆయన ఆధార్ వేరు, చెల్లె ఆధార్ వేరు, ఒకరిది మారిస్తే ఇంకొకరిది మారదు. ఈ సంగతి కౌంటర్‌లో ఎవరైనా చెప్పి ఉంటే ఆయన అన్ని రోజులు టెన్షన్ పడేవాడు కాదు.

నేను అడిగేది ఇది. జత చేసిన ఫారాన్ని బ్యాంకు మార్పుగా పంపించండి, పాత బ్యాంకు వివరం అందులో తప్పకుండా పెట్టండి. ఫారం తీసుకున్నట్టు తేదీ, స్టాంపుతో ఒక కాపీ ఇవ్వండి. పంపిన మూడు నాలుగు రోజులకు మీ వాళ్లే స్టేటస్ చూసి, మళ్లీ రిజెక్ట్ అయితే కారణం రాతపూర్వకంగా మాకు చెప్పండి. స్క్రీన్ మీద మీ బ్యాంకు పేరు, Active అని కనిపించాకే పేమెంట్ మళ్లీ పంపమని స్కూల్ వాళ్లు పైకి రాయగలరు. అంతకుముందు పంపినా మూసేసిన ఖాతాకే పోయి తిరిగొస్తుంది. ఇంకో మాట, మ్యాపర్‌లో మీ పేరు వచ్చినా మీ లోపల చెల్లె ఆధార్ ఈ ఖాతాకే ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. అది తప్పితే మళ్లీ ఇదే తిప్పలు.

ఈ ఫిర్యాదుకు నంబరు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా మళ్లీ "లింక్ అయ్యే ఉంది" అన్న జవాబే వస్తే, ఈ కాగితాలన్నీ పెట్టి cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను. అక్కడి దాకా పోవాలని నాకు లేదు. చెల్లె పోయినసారి పరీక్ష ఫీజుకు, నోటు పుస్తకాలకు అప్పు చేసిన డబ్బు ఈ 12,000 వస్తేనే తీరుస్తామని నాయిన మాట ఇచ్చి ఉన్నాడు.

ఇట్లు,
చెల్లె, నాయిన తరఫున ఆమె అన్న
దేవరకొండ, నల్గొండ జిల్లా