ఇంట్లో మిగిలిన మాత్రలు, ఎర్ర గీత

అందరికీ నమస్కారం అండి. ఈ ఆదివారం ఉదయం 10కి కమ్యూనిటీ హాల్‌కి మీ ఇంట్లో మిగిలిన మందుల స్ట్రిప్పులు తీసుకురండి, కలిసి చూద్దాం.

వచ్చేముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి. ఎడమవైపు పైనుంచి కిందికి ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. ‘ఆర్ఎక్స్’ గుర్తు అర్థమూ అదే.

ఉదాహరణకి సెఫిక్సిమ్ తీసుకోండి, పోయినసారి గొంతునొప్పికి ఇచ్చినవి నాలుగు మిగిలాయని ఈసారి జలుబుకి వేసుకుంటాం కదా, కానీ అది యాంటీబయాటిక్, వైరస్ వల్ల వచ్చే జలుబుకి పనిచేయదు, పైగా ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా ఆ మందుకి లొంగకుండా తయారవుతుంది. దాని మీద ‘ఆర్ఎక్స్’ ఎరుపు రంగులో, కింద ఎర్ర అంచు పెట్టెలో హెచ్చరికతో ఉంటుంది. అంటే అమ్మకం మీద ప్రభుత్వం ఎక్కువ కట్టడి పెట్టిన హెచ్1 జాబితా మందు. 2014 నుంచి ఇలాంటివి అమ్మితే షాపువాళ్లు డాక్టర్ పేరు, పేషెంట్ పేరు రిజిస్టర్‌లో రాయాలి. అడిగితే విసుక్కోకండి.

ఒక్క మాట, ఎర్ర గీత యాంటీబయాటిక్స్ మీదే కాదు, చాలా బీపీ, షుగర్ మాత్రల మీదా ఉంటుంది. అది చూసి భయపడి రోజూ వేసుకునేవి ఆపొద్దు. పెద్దవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

షాపులో రెండు మూడు మాత్రలే కత్తిరించి ఇస్తే గీత, ఎక్స్‌పైరీ తేదీ అవతలి ముక్కలో ఉండిపోతాయి. మొత్తం స్ట్రిప్ ఒకసారి చూపించమనండి.

వచ్చేవాళ్లు శనివారం లోపు ఇక్కడే చెప్పండి.