దొరికిన విగ్రహాన్ని కడిగేయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. చెరువు పూడిక తీస్తుంటేనో, ఇంటికి పునాది తవ్వుతుంటేనో ‘వెయ్యేళ్ల నాటి విగ్రహం’ బయటపడిందని జిల్లా పేజీల్లో తరచూ వార్తలు వస్తున్నాయి. పక్కనే ఫోటో ఉంటుంది. అందులో విగ్రహం శుభ్రంగా తోమి ఉంటుంది, పసుపు పూసి, బొట్టు పెట్టి, దండ వేసి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా దుర్గిలో రాయి చెక్కుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ ఫోటో చూస్తే నాకు బాధేస్తుంది. ఆ విగ్రహం పాతదో కొత్తదో చెప్పగలిగే ఆధారం ఆ తోమడంలోనే పోయి ఉంటుంది.

రెండేళ్ల కిందట మా చుట్టుపక్కల ఒక ఊళ్లో ఇలాగే వీరగల్లు ఒకటి దొరికింది. నడుమెత్తు నాపరాయి పలక, దాని మీద కత్తీ డాలూ పట్టిన వీరుడు. నాకు కబురు వచ్చి మర్నాడు పొద్దున వెళ్లేసరికి కుర్రాళ్లు బాత్‌రూమ్ యాసిడ్ పోసి, ఇనుప బ్రష్‌తో రుద్ది తెల్లగా చేసేశారు. వాళ్లకు భక్తే తప్ప వేరే ఉద్దేశం లేదు. కానీ మా పల్నాటి నాపరాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే పైన పట్టిన పొరతో పాటు రాయి కూడా కరిగిపోతుంది. ముక్కు, కనుబొమలు, కత్తి అంచు అన్నీ సబ్బు అరిగినట్టు ఒకే తీరుగా నునుపుదేలాయి. ‘బుసబుసా నురగ వచ్చింది, కాబట్టి పాతదే’ అని ఒకాయన అన్నాడు. నిన్న గనిలోంచి తీసిన నాపరాయి మీద పోసినా, సిమెంటు మీద పోసినా అదే నురగ వస్తుంది. దాన్ని బట్టి వయసు చెప్పలేం.

పలకను పక్కకు వాల్చి, టార్చిని రాతికి ఆనించినంత దగ్గరగా పట్టి వెలుతురు ఏటవాలుగా పడేలా చూశాను. అలా చూస్తే చిన్న గాటుకు కూడా నీడ పడుతుంది. డాలు కింద, మోచేతి లోపలి వంపులో బెత్తెడు చోటు యాసిడ్‌కూ బ్రష్‌కూ అందలేదు. అక్కడ ఉలి గాట్లు మిగిలాయి. సుత్తి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉలి ఆగిన చోట చిన్న మెట్టు పడుతుంది. ఒక గాడి కాస్త లోతుగా, పక్కది పైపైన, మూడోది కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నాయి. చేతిపని అలాగే ఉంటుంది.

రాళ్లు కోసే గ్రైండర్ గాడి వేరు. బిళ్ల గుండ్రం కాబట్టి గాడి మధ్యలో లోతుగా, రెండు చివర్లా పైకి తేలి ఉంటుంది. వెడల్పు ఎక్కడా మారదు. లోపలి మూలల్లో బిళ్ల ఆగక గీత అవతలికి పొడుచుకుపోతుంది. చోళుల కాలం నాటిదని చెప్పి ఒక బేరగాడు నా దగ్గరికి తెచ్చిన అమ్మవారి విగ్రహంలో కిరీటం వెనక సరిగ్గా అలాంటి గీతలే నాలుగు కనిపించాయి. వాటి మీద బురద మెత్తి ఉంది, అంతే.

అయితే గ్రైండర్ గీత ఉంటే ఆ చెక్కడం కొత్తదని చెప్పొచ్చు గానీ, ఉలి గాటు ఉన్నంత మాత్రాన పాతదని చెప్పకూడదు. నేను ఈ రోజు ఉలితో కొట్టినా అవే మెట్లు పడతాయి. అందుకే గాటు మీద ఏముందో చూడాలి.

వీరగల్లులో ఆ బెత్తెడు చోట బూడిద రంగు పొర ఉంది. పదింతలు పెద్దగా చూపించే లెన్స్ పెట్టి చూశాను. భూమిలో నీటితో పాటు కరిగిన సున్నం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పేరుకుంటే ఇలాంటి పొర వస్తుంది. అది ఒకేసారి పూసినట్టు ఉండదు, ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటుంది. సన్న వేళ్లు పాకిన జాడలు దారాల్లా కనిపించాయి. అసలు సంగతి, ఆ పొర ఉలి గాడిలోకి దిగి, గాడి అంచు దాటి, పక్క గాడిలోకి తెగకుండా సాగింది. అంటే గాటు ముందు పడింది, పొర తర్వాత పట్టింది. గాటు దగ్గర పొర తెగిపోయి లోపల తాజా రాయి కనిపిస్తే లెక్క తిరగబడుతుంది. ఎప్పుడో పడి ఉన్న పాత బండను తెచ్చి, వెనకవైపు పొరను అలాగే ఉంచి, ముందువైపు కొత్తగా చెక్కే మోసగాళ్లున్నారు. కొనేవాళ్లు వెనకవైపు చూసి నమ్మేస్తారు.

పూసిన పొరను కూడా పోల్చుకోవచ్చు. మట్టినో సున్నాన్నో జిగురుతో కలిపి పూస్తే అది గుంటల్లో మందంగా, ఎత్తుల మీద పలచగా, బ్రష్ ఆడించిన తీరులో ఉంటుంది. అసిటోన్ ముంచిన దూదికి చాలా రకాల జిగురు మెత్తబడుతుంది. ఈ పరీక్ష తెలిసినవాళ్లే చేయాలి, అదీ కనపడని మూలలో. యాసిడ్‌తో అరగదీసిన రాయిలో ముక్కూ చంకా ఒకేలా అరుగుతాయి. నిజంగా వానకు నానిన రాతిలో తలా భుజాలూ అరిగినా గడ్డం కింద చెక్కడం పదునుగానే మిగులుతుంది.

ఇంత చూసినా నేను ఆ వీరగల్లుకు ఏడాది చెప్పలేదు. చాలాకాలం మట్టిలో ఉందని, ఈమధ్య చెక్కింది కాదని మాత్రమే అన్నాను. శతాబ్దం తేల్చాలంటే వీరుడి కొప్పు తీరు, కత్తి ఆకారం, అక్షరాలుంటే లిపి చూసి చదువుకున్నవాళ్లు చెప్పాలి. కార్బన్ డేటింగ్‌కు పంపుతామని వార్తల్లో రాస్తుంటారు. అది ఒకప్పుడు ప్రాణమున్న కట్టెకూ ఎముకకూ పనికొస్తుంది. నాపరాయి కోట్ల ఏళ్ల నాటిది, దాన్ని ఎప్పుడు చెక్కారో ఆ పరీక్ష చెప్పదు.

పొర ఒక్కదాన్నే నమ్మినా ఇబ్బందే. అమెరికాలో గెట్టీ మ్యూజియం 1985లో ఒక గ్రీకు యువకుడి పాలరాతి విగ్రహాన్ని కొంది. దాని మీది కాల్సైట్ అనే సున్నపు పొర ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుందని ఒక భూగర్భ శాస్త్రవేత్త అన్నాడు. అలాంటి మార్పును ల్యాబ్‌లోనూ తేవచ్చని తర్వాత తేలింది. దాని పాత యజమానుల కాగితాల్లో 1952 తేదీ వేసిన ఉత్తరం మీద 1972 దాకా లేని పోస్టల్ కోడ్ ఉంది. చివరికి మ్యూజియం వాళ్లు ‘క్రీ.పూ. 530 ప్రాంతం, లేదా ఆధునిక నకిలీ’ అని రెండూ బోర్డు మీద రాసి పెట్టారు. అంత పెద్ద సంస్థే అలా రాసినప్పుడు, ఫోటో చూసి వెయ్యేళ్లని మనం ఎలా రాస్తాం?

మీ విలేకరులకు నా విన్నపం ఒక్కటే. వయసు రాసేటప్పుడు విగ్రహాన్ని ఎవరు చూశారో, ఏం చూసి చెప్పారో కూడా రాయండి. ఎవరూ చూడకపోతే ‘పాతదని గ్రామస్తులు చెబుతున్నారు’ అంటే చాలు. ఊళ్లవాళ్లు, పంచాయతీ పెద్దలు దొరికినదాన్ని దొరికినట్టే ఉంచి, నీళ్లు కూడా పోయకుండా నాలుగు వైపులా ఫోటోలు తీసి, దాని కింది మట్టి కొంచెం సంచిలో కట్టి పెట్టాలి. భూమిలో దొరికిన విలువైన వస్తువు సంగతి కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తహసీల్దార్ కార్యాలయంలో చెబితే కబురు పైకి వెళుతుంది. పూజ ఆ తర్వాతైనా చేసుకోవచ్చు.

ఆ వీరగల్లు ఇప్పుడు ఆ ఊరి గుడి ముందు అరుగు మీద ఉంది. వారం వారం నూనె పూస్తున్నారు. డాలు కింద ఆ బెత్తెడు చోటు మాత్రం తోమొద్దని, నూనె తగలనివ్వొద్దని పూజారి గారిని బతిమాలుకున్నాను. మొన్న వెళ్లి చూస్తే ఆ పొర అలాగే ఉంది. పురావస్తు శాఖ నుంచి ఎవరైనా వస్తే నేనే వెంట వెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రాతి శిల్పి,
దుర్గి, పల్నాడు జిల్లా