మేలో మొదలైన క్లాబ్యాక్ కోతల్లోని తప్పుల గురించి ఫిర్యాదు

కావలి,
18 సెప్టెంబరు 2025

కమిషన్ సెటిల్‌మెంట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: 2025 మే నుంచి ఆగస్టు వరకు నాలుగు సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్లలో 38 కనెక్షన్ల మీద తప్పుగా కోసిన కమిషన్ రూ. 11,010 తిరిగి జమచేయడం, లెక్క కట్టే పద్ధతిని సరిదిద్దడం గురించి.

అయ్యా,

కావలి, బోగోలు మండలాల్లో మీ కంపెనీ ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లు కట్టిస్తున్న ఆరుగురు ఏజెంట్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. కస్టమర్ తొందరగా మానేస్తే కమిషన్‌లో కొంత వెనక్కి తీసుకోవడం, అంటే క్లాబ్యాక్ మీద మాకు అభ్యంతరం లేదు. నిలవని కనెక్షన్‌కు పూర్తి కమిషన్ అడగడం న్యాయం కాదని ఒప్పుకునే ఒప్పందం మీద సంతకం పెట్టాం. మా ఫిర్యాదు అంతా ఆ ఒప్పందంలో రాసిన లెక్కకూ, మీ బిల్లింగ్ రికార్డు నుంచి తయారవుతున్న లెక్కకూ మధ్య ఉన్న తేడా గురించే. రెండుసార్లు మెయిల్ పెడితే, రెండుసార్లూ 'సిస్టమ్ లెక్క ప్రకారమే కోత పడింది' అన్న జవాబే వచ్చింది. ఆ సిస్టమ్ ఏ తేదీని తీసుకుంటున్నదో ఎవరూ చూడలేదు. అందుకే మేమే ఒక్కో కస్టమర్ బిల్లూ తీసుకుని, స్టేట్‌మెంట్‌లో వరుస వరుసా పక్కన పెట్టి చూశాం.

ముందు ఒప్పందం ఏమంటున్నదో ఒకసారి గుర్తుచేస్తాం. మేం చెబుతున్న 38 కనెక్షన్లూ నెలకు రూ. 600 అద్దె ప్లానువే, జీఎస్టీ కాకుండా. కస్టమర్ మొదటి బిల్లు కట్టాక ఏజెంటుకు నెలన్నర అద్దె, అంటే రూ. 900 కమిషన్. యాక్టివేషన్ రోజుతో కలిపి 180 రోజులు కనెక్షన్ నిలిస్తే ఆ 900 పూర్తిగా ఏజెంటువే. ఈలోపు మానేస్తే మిగిలిన రోజులకు తగినంత వెనక్కి ఇవ్వాలి. 900ని 180తో భాగిస్తే రోజుకు 5 రూపాయలు. లెక్క ఇంత తేలిక. కస్టమర్ ఎన్ని రోజులు ఉన్నాడు అన్న ఒక్క అంకె సరిగ్గా ఉంటే మిగతాదంతా దానంతట అదే సరిపోతుంది. ఆ అంకె దగ్గరే తప్పు జరుగుతోంది.

నిజంగా మానేసిన ఒక కస్టమర్‌ను తీసుకుందాం. కావలిలో ఒక అద్దె ఇంటి కనెక్షన్, 2025 ఏప్రిల్ 10న యాక్టివేట్ అయింది. మీ బిల్లు నెల ముందుగా వస్తుంది: 10వ తేదీన వేసిన బిల్లు ఆ రోజు నుంచి వచ్చే నెల 9 వరకు వాడకానికి. ఈ కస్టమర్ జులై 10 బిల్లు కట్టాడు, ఆగస్టు 9 వరకు వాడుకున్నాడు, తర్వాత ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో 21, మేలో 31, జూన్‌లో 30, జులైలో 31, ఆగస్టులో 9, మొత్తం 122 రోజులు. మిగిలినవి 58 రోజులు, కోత రూ. 290. స్టేట్‌మెంట్‌లో మాత్రం రూ. 445 పడింది. ఎందుకంటే మీ లెక్క ముగింపు తేదీగా ఆఖరి బిల్లు మొదలైన రోజును, అంటే జులై 10ని తీసుకుంది. అప్పుడు 91 రోజులే అవుతాయి, 89 రోజులకు కోత పడుతుంది. కస్టమర్ డబ్బు కట్టి, కంపెనీ ఆ డబ్బు తీసుకుని, లైన్ నడిచిన 31 రోజులు ఏజెంటు లెక్కలో లేకుండా పోయాయి.

బిల్లు నెలాఖరున, వాడకం అయ్యాక వచ్చే పద్ధతి అయితే ఆఖరి బిల్లు తేదీని ముగింపుగా తీసుకోవడం దాదాపు సరిపోయేది. ముందుగా బిల్లు వేసే పద్ధతిలో అదే తేదీని తీసుకుంటే ప్రతి కనెక్షన్‌కూ సరిగ్గా ఒక నెల తగ్గుతుంది. ఇది ఎవరో ఒకరి ఎంట్రీలో పొరపాటు కాదని ఎలా తెలుస్తుందంటే, నిజంగా మానేసిన 17 కనెక్షన్లలోనూ స్టేట్‌మెంట్‌లోని ముగింపు తేదీ, కస్టమర్ కట్టిన ఆఖరి బిల్లు మీది `BILL_FROM` తేదీ అచ్చంగా ఒకటే. ఒక్కటి కూడా తప్పలేదు. ఆఖరి బిల్లు నెల 31 రోజులదైతే 155, 30 రోజులదైతే 150 చొప్పున ఎక్కువ కోసినది ఈ 17 మీద రూ. 2,605. తీసుకోవాల్సినది, కట్టిన బిల్లు ఏ రోజు వరకు వర్తిస్తుందో చూపే `PAID_TO` తేదీ. ఎక్సెల్‌లో ఇలా వేసి చూసుకోవచ్చు:

```
=MAX(0, 180 - (PAID_TO - ACT_DATE + 1)) * 5
```

చివర ఆ `+ 1` మరిచిపోవద్దు. యాక్టివేషన్ రోజు కూడా కస్టమర్ వాడిన రోజే.

రెండో తప్పు ఇంతకంటే బాధ కలిగించేది, ఎందుకంటే అక్కడ కస్టమర్ అసలు మానేయనే లేదు. ఇల్లు మారినప్పుడు లైన్ షిఫ్టింగ్‌కు రిక్వెస్ట్ పెడితే, మీ బిల్లింగ్‌లో పాత ఐడీ మూసి కొత్త చిరునామాకు కొత్త ఐడీ తెరుస్తున్నారు. బిట్రగుంటలో ఒక కనెక్షన్ మార్చి 12న యాక్టివేట్ అయింది. జులై 4న పాత ఐడీ మూశారు, 5న మూడు వీధుల అవతల కొత్త ఐడీతో అదే కుటుంబానికి లైన్ ఇచ్చారు. ఆ ఇంటివాళ్లు ఈ రోజుకీ బిల్లు కడుతున్నారు. స్టేట్‌మెంట్‌లో మాత్రం జూన్ 12 బిల్లు తేదీ వరకు 92 రోజులని లెక్కగట్టి రూ. 440 కోశారు. కొత్త ఐడీకి కమిషన్ ఏమైనా వచ్చిందా అంటే అదీ లేదు, 'పాత కస్టమరే' అన్నారు. ఆ మాట నిజమే, దానికి మేం కొత్త కమిషన్ అడగడం లేదు. కానీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు పాత కస్టమర్ అయినవాడు, కోయాల్సి వచ్చినప్పుడు వెళ్లిపోయిన కస్టమర్ ఎలా అవుతాడు? ఇలాంటివి 9 ఉన్నాయి, కోత రూ. 2,985. తొమ్మిదిలో ఒక్కదానికీ కోత పడకూడదు.

దీన్ని సరిచేయడానికి ఒక ఐడీ మూసినప్పుడు, అదే కస్టమర్ పేరున 15 రోజుల అటూ ఇటూ కొత్త ఐడీ తెరిచారేమో కోతకు ముందు చూస్తే చాలు. రిజిస్టర్ అయిన మొబైల్ నంబరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని కూడా మేమే చెబుతున్నాం. ఫోన్ సరిగ్గా వాడలేని పెద్దవాళ్లకు కొడుకు నంబరో, పక్కింటివాళ్ల నంబరో ఇస్తారు, ఒకే నంబరు మీద రెండు మూడు ఇళ్లు ఉంటాయి. అలాంటి చోట నిజంగా మానేసిన ఇల్లు కూడా నిలిచినట్టు కనిపిస్తుంది, అప్పుడు నష్టం కంపెనీకి. షిఫ్టింగ్ రిక్వెస్ట్ నంబరు పాత, కొత్త ఐడీలు రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకుని, యాక్టివేషన్ తేదీగా మొదటి ఐడీ తేదీనే కొనసాగించాలి.

మూడోది బోగోలు మండలం సముద్రపు ఒడ్డు ఊళ్లకు సంబంధించినది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. జువ్వలదిన్నె లాంటి ఊళ్లలో ఆ రెండు నెలలు ఇళ్లలో డబ్బు ఆడదు. బిల్లు ఆగుతుంది, లైన్ సస్పెండ్ అవుతుంది. వేట మొదలయ్యాక బాకీతో సహా కట్టి లైన్ తెప్పించుకుంటారు. మీ లెక్కలో `STATUS` సస్పెండ్‌కు మారగానే కోత పడుతోంది. తిరిగి యాక్టివ్ అయినప్పుడు మాత్రం కోసినది వెనక్కి రావడం లేదు.

ఫిబ్రవరి 6న ఇచ్చిన ఒక లైన్ చూడండి. మే 5 వరకు బిల్లులు కట్టారు. మే 6 బిల్లు ఆగింది, 21న సస్పెండ్ చేశారు. మే స్టేట్‌మెంట్‌లోనే ఏప్రిల్ 6 వరకు 59 రోజులని లెక్కవేసి రూ. 605 కోశారు. జూన్ 20న ఆ ఇంటివాళ్లు మే 6 బిల్లూ, జూన్ 6 బిల్లూ రెండూ కట్టారు. లైన్ ఆగిన రోజులకు కూడా కంపెనీకి అద్దె ముట్టింది కాబట్టి ఆ రోజులను లెక్కలోంచి తీసేసే వీలు లేదు. ఆగస్టు 4తో 180 రోజులు నిండాయి, ఆగస్టు 6 బిల్లు కూడా కట్టారు. కోయాల్సింది సున్నా, కోసింది 605. ఇలాంటివి 12, మొత్తం రూ. 5,420.

బిల్లు కట్టనివాళ్లు అందరూ తిరిగి వస్తారని మేం అనడం లేదు. సస్పెండ్ అయిన రోజే కోయకుండా, కనెక్షన్ పూర్తిగా మూసిన తర్వాతే, ఒక ఐడీకి ఒక్కసారే కోయమంటున్నాం. మూసింది తర్వాత తెరిచితే కోసినది అదే ఐడీ మీద వెనక్కి రావాలి. ఇందుకు ప్రతి కోతకూ ఒక నంబరు ఉండాలి, స్టేట్‌మెంట్‌లో యాక్టివేషన్ తేదీ, తీసుకున్న ముగింపు తేదీ, రోజులు విడివిడిగా కనిపించాలి. ఇప్పుడు కనిపిస్తున్నది ఐడీ, ముగింపు తేదీ, కోత మొత్తం మాత్రమే. యాక్టివేషన్ తేదీ లేకుండా రోజులు సరిచూసుకునే దారి ఏజెంటుకు లేదు.

డబ్బు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 900 కమిషన్ ఇచ్చినప్పుడే దాని మీద 2 శాతం టీడీఎస్, రూ. 18 పట్టుకున్నారు. క్లాబ్యాక్‌ను టీడీఎస్ పోగా మిగిలిన సొమ్ములోంచి కోశారు. ఇప్పుడు ఈ రూ. 11,010ని కొత్త కమిషన్‌గా చూపిస్తే దాని మీద మళ్లీ టీడీఎస్ పడుతుంది, ఆదాయపు పన్ను ఫారం 26ఏఎస్‌లో ఒకే ఆదాయం రెండుసార్లు కనిపిస్తుంది. దాన్ని పాత కోత రద్దుగానే, ఐడీల వారీగా చూపించాలి. నిజంగా మానేసిన 17 కనెక్షన్ల మీద సరైన కోతకు కంపెనీ లెటర్‌హెడ్ మీద వివరం ఇవ్వండి. రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్‌కు చూపించడానికి మా దగ్గర ఇప్పుడు ఏ కాగితమూ లేదు.

కాబట్టి 9 షిఫ్టింగ్ కనెక్షన్ల మీద 2,985, మానేసిన 17 కనెక్షన్ల మీద ఎక్కువ కోసిన 2,605, తిరిగి కట్టిన 12 కనెక్షన్ల మీద 5,420, మొత్తం రూ. 11,010 అక్టోబరు సెటిల్‌మెంట్‌లో జమచేయాలని, సెప్టెంబరు స్టేట్‌మెంట్ తీసే ముందే ముగింపు తేదీని `PAID_TO`కు మార్చాలని కోరుతున్నాం. ఏ వరుస మీదైనా మా లెక్క తప్పని తోస్తే ఆ ఐడీ, మీరు తీసుకున్న రెండు తేదీలు రాసి పంపండి, సరిచూసి తప్పు మాదైతే ఆ మొత్తం తగ్గించి అడుగుతాం.

జతపరిచినవి: 38 ఐడీల పట్టిక, ఒక్కో కస్టమర్ ఆఖరి బిల్లు నకలు, 9 షిఫ్టింగ్ రిక్వెస్ట్‌ల నకళ్లు, నాలుగు సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్లు.

ఇట్లు,
కావలి, బోగోలు మండలాల కనెక్షన్ ఏజెంట్లు (ఆరుగురి సంతకాలు)