రిజిస్టరులో కొరత లేదు, రోగికి మందు లేదు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను వంద పడకల ఏరియా ఆసుపత్రిలో మందుల స్టోరు బాధ్యతలు చూసి పదవీ విరమణ చేసిన ఫార్మసిస్టును. నా ఉద్యోగంలో చాలా భాగం ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. ఏ వస్తువు ఎంతకు తగ్గితే కొత్త సరుకు కోరుతూ ఇండెంటు పెట్టాలి, ఎంతకు మించి తెచ్చుకోకూడదు? ఈ కనిష్ఠ, గరిష్ఠ నిల్వలను మేము కట్టిన పద్ధతిలోనే తప్పుందని నాకు ఒక రాత్రి తెలిసింది. ఆ తప్పును సరిదిద్దే అధికారం మీ చేతిలో ఉంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

అది ఆగస్టు నెల, వరినాట్ల కాలం. పొలం గట్టు మీద రక్తపింజరి కాటేసిన ఒక మహిళా కూలీని రాత్రి తొమ్మిది గంటలకు తీసుకొచ్చారు. డ్యూటీ డాక్టరు ఆమె రక్తాన్ని గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. గడ్డకట్టలేదు. విషం రక్తంలోకి ఎక్కిందని అర్థం. పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనం మొదటి విడతగా పది వయల్స్ కావాలన్నారు. స్టోరులో తొమ్మిది ఉన్నాయి. ఆ తొమ్మిదీ ఎక్కించి, ఆమెను 108 వాహనంలో జిల్లా ఆసుపత్రికి పంపించారు. ఆమె బతికింది, కానీ మూత్రపిండాలు దెబ్బతిని మూడు వారాలు డయాలసిస్ మీద ఉంది. ఒక్క వయల్ తగ్గినందువల్లే అలా అయిందని నేను అనలేను. ఆరు గంటల తర్వాత మళ్లీ రక్తం పరీక్షించి, అప్పటికీ గడ్డకట్టకపోతే ఇవ్వాల్సిన రెండో విడతకు మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు.

మరునాడు పొద్దున నేను నిల్వ రిజిస్టరు తెరిచాను. దాని ప్రకారం ఆ రాత్రి మాకు కొరతే లేదు. ఏడాది మొత్తం మీద ఆ మందు వాడకం నెలకు సగటున 14 వయల్స్. పదిహేను రోజుల వాడకాన్ని కనిష్ఠ నిల్వగా పెట్టుకోవాలన్నది అన్ని వస్తువులకూ మేము పాటించిన సూత్రం. అంటే 7. మా దగ్గర 9 ఉన్నాయి. లెక్క సరిగ్గా ఉంది, సూత్రాన్నే పెట్టకూడని చోట పెట్టాము.

పాముకాటు మందు గ్లౌజుల్లా రోజూ కొంచెం కొంచెంగా ఖర్చయ్యేది కాదు. ఇరవై రోజులు ఒక్కటీ వాడకపోవచ్చు, ఒక్క రాత్రిలో ఇరవై పోవచ్చు. పిల్లలకూ పెద్దలకూ మోతాదు ఒకటే, ఎందుకంటే పాము ఎక్కించే విషం మనిషి వయసును బట్టి తగ్గదు. అందుచేత దీని కనిష్ఠ నిల్వను నెలసరి సగటుతో కొలవలేము, రోగుల సంఖ్యతో కొలవాలి. మేము తర్వాత చేసింది అదే. మూడు వర్షాకాలాల కేసు షీట్లు తీసి చూశాము. ఒకే వారంలో ఈ మందు ఎక్కించాల్సి వచ్చిన రోగులు ఎక్కువలో ఎక్కువ ముగ్గురు. కొత్త సరుకు అత్యవసరంగా తెప్పించుకోవడానికి పట్టిన గరిష్ఠ సమయం కూడా దాదాపు వారమే. రెండు విడతలకు ఒక్కొక్కరికి 20 వయల్స్ చొప్పున 60. జూన్ నుంచి అక్టోబరు దాకా 60 కంటే తగ్గకూడదని రాసుకున్నాము. మిగతా నెలల్లో ఒకరికి పూర్తి మోతాదు, మరొకరికి మొదటి విడత లెక్కన 30. రక్తపింజరి కేసుల్లో కొందరికి 30 వయల్స్ దాకా అవసరం కావచ్చు కాబట్టి 60 కూడా అన్ని రాత్రులకూ సరిపోతుందని చెప్పలేను. అయినా 7 ఎక్కడ, 60 ఎక్కడ!

ఆ అరవైలో 20 వయల్స్‌ను స్టోరులో కాకుండా క్యాజువాలిటీ బీరువాలో పెట్టాము. స్టోరు తాళం రాత్రిపూట ఫార్మసిస్టు ఇంట్లో ఉంటే, రిజిస్టరులో ఎన్ని వందలున్నా రోగికి సున్నాయే. పొడి రూపంలో వచ్చే వయల్స్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు కాబట్టి ఇది సాధ్యమైంది. ద్రవ రూపంలో వస్తే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అప్పుడు క్యాజువాలిటీకి వేరే ఫ్రిజ్ చూపించాలి.

ఇంకొక సంగతి మేము ఆలస్యంగా గ్రహించాము. ఈ మందు ఒంటరిగా పనికిరాదు. ఎక్కించేటప్పుడు రియాక్షన్ వస్తే అడ్రినలిన్ వెంటనే చేతికందాలి. నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ కావాలి. పరీక్షకు కొత్త, పొడి గాజు గొట్టాలు కావాలి. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగిన గొట్టంలోనో రక్తం మామూలుగా గడ్డకట్టదు, ఫలితం తప్పుతుంది. గాజు గొట్టానికి మా రిజిస్టరులో కనిష్ఠ నిల్వ అనేదే లేదు, అది చవక వస్తువు కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఒక అత్యవసర స్థితికి కావలసిన వస్తువులన్నిటినీ ఒక జట్టుగా చూడాలి. వాటిలో ఏది ముందు అయిపోతే అక్కడితో ఆ జట్టు నిల్వ అయిపోయినట్టే.

ఇక రోజువారీ వాడక వస్తువుల సంగతి. వీటికి సగటు పనిచేస్తుంది, కానీ సగటును కట్టే తీరులో ఒక ఉచ్చు ఉంది. నరంలోకి గుచ్చి సెలైన్ ఎక్కించే 20 గేజి కాన్యులాల విషయంలో మాకు జరిగింది వివరంగా చెబుతాను. ఆరు నెలల్లో స్టోరు నుంచి ఇచ్చినవి వరుసగా 620, 580, 640, 210, 0, 550. మొత్తం 2,600. ఆరుతో భాగిస్తే నెలకు 433. మూడు నెలలకు 1,300 అని ఇండెంటు పెట్టాము. చూడటానికి ఇందులో తప్పేమీ లేదు.

ఆ 210 దగ్గరా, 0 దగ్గరా ఆగి చూడండి. నాలుగో నెల పదో తేదీకే సరుకు అయిపోయింది. అయిదో నెల మొత్తం లేదు. ఆరో నెల నాలుగు రోజులు గడిచాక వచ్చింది. ఆ రోజుల్లో రోగులు రాకపోలేదు, బయట కొనుక్కొచ్చుకున్నారు. వాళ్ల జేబు లోంచి పోయిన డబ్బు మా లెక్కలో అవసరం లేనట్టుగా నమోదైంది. సరుకు ఉన్న రోజులనే లెక్కిస్తే, నెలకు ముప్ఫై రోజుల చొప్పున, 126 రోజులు. 2,600ను 126తో భాగిస్తే రోజుకు దాదాపు 21, అంటే నెలకు సుమారు 620. మూడు నెలలకు కావలసింది 1,860, మేము అడిగింది 1,300. ఇండెంటు పెట్టిన రోజునే దాదాపు నాలుగు వారాల కొరతను మేమే రాసుకున్నాము. ఆ కొరత వచ్చే సగటును ఇంకా తగ్గిస్తుంది. ఏ రికార్డులోనూ తప్పు కనబడకుండా కొరత ఇలా ఏటా పెరుగుతూ పోతుంది.

సరైన వాడకం తెలిశాక మిగిలింది సరుకు రావడానికి పట్టే సమయం. జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోరు నుంచి మాకు మామూలుగా 12 రోజుల్లో వచ్చేది. ఏడాదిలో ఒకసారి 26 రోజులు పట్టింది. కనిష్ఠాన్ని 12తో కడితే ఆలస్యమైన ప్రతిసారీ నిల్వ సున్నాకు చేరుతుంది. అందుకని 26 తీసుకున్నాము. నిల్వను వారానికి ఒకసారే సరిచూస్తాము కాబట్టి మరో 7 కలిపి 33 రోజులు. రోజుకు 21 చొప్పున 693, అంటే 700. అది కనిష్ఠం. దానికి ఒక నెల వాడకం కలిపితే దాదాపు 1,300, అది గరిష్ఠం. ఇండెంటు పెట్టేటప్పుడు చేతిలో ఉన్నదానికి దారిలో ఉన్నదాన్ని కూడా కలపాలి. చేతిలో 390, మంజూరై రావలసినవి 200 ఉంటే మొత్తం 590. 700 కంటే తక్కువ కాబట్టి 1,300 లోంచి 590 తీసేసి 710కి ఇండెంటు. దారిలో ఉన్నదాన్ని మరిచిపోతే సరుకు గరిష్ఠానికి మించి వచ్చి పడుతుంది.

గరిష్ఠ నిల్వను చాలామంది కాగితం మీది అంకెగానే చూస్తారు. మార్చి నెలలో బడ్జెట్ మురిగిపోతుందని ఒకసారి మేము గ్లౌజులను అట్టపెట్టెల కొద్దీ కొన్నాము. గది చాలక మెట్ల కింద పెట్టాము. రెండు వేసవులు గడిచేసరికి రబ్బరు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంది, వేసుకోగానే చిరిగింది. గడువు తేదీ ఇంకా మిగిలే ఉంది. కాబట్టి గరిష్ఠాన్ని నిర్ణయించేటప్పుడు వాడకంతో పాటు గడువునూ, గది వేడినీ, చోటునూ చూడాలి. పాముకాటు మందు విషయంలో అక్టోబరు తర్వాత గడువు దగ్గరపడిన వయల్స్‌ను ఎక్కువ కేసులు వచ్చే పెద్దాసుపత్రికి ఇచ్చి, కొత్తవి మార్చుకునే వీలుండాలి. అలా మార్చుకోవడానికి మాకు ఉత్తర్వు లేకపోయింది, ఫోను మీద బతిమాలుకుని చేశాము.

వార్డుల్లో నర్సులు దాచుకునే సరుకు గురించి కూడా చెప్పాలి. ఒక్కసారి కొరత చవిచూసిన నర్సు తన బీరువాలో వంద కాన్యులాలు పక్కన పెట్టుకుంటుంది. నేను ఆమెను తప్పుపట్టను, నిలదీసే రోగి బంధువుల ముందు నిలబడేది ఆమే. కానీ స్టోరు నుంచి ఇచ్చినదంతా వాడినట్టే రాస్తే మా అంకెలు మళ్లీ చెడిపోతాయి. నెలకోసారి వార్డు బీరువాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాక స్టోరు మీద వాళ్లకు నమ్మకం కుదిరింది, దాచుకోవడం తగ్గింది.

మంత్రి గారూ, కేంద్ర ప్రభుత్వం 2024లో పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, 2030 నాటికి ఆ మరణాలను సగానికి తగ్గిస్తామంది. ఆ మాట నెరవేరేది మా లాంటి ఆసుపత్రుల స్టోరు గదుల్లోనే. అందుకు మీ నుంచి కోరేవి కొన్నే.

సగటు వాడకం కట్టేటప్పుడు సరుకు లేని రోజులను తీసేసి భాగించాలని ఉత్తర్వు ఇవ్వండి. నిల్వలు నమోదవుతున్న కంప్యూటరులోనే ఏ రోజు సున్నా ఉందో తెలుస్తుంది, ఆ రోజులను అక్కడే లెక్కించి చూపించవచ్చు. ప్రాణాపాయ స్థితిలో వాడే వస్తువులను నెలల సగటు సూత్రం నుంచి తప్పించి, వాటి కనిష్ఠాన్ని రోగుల సంఖ్యతో, కాలాన్ని బట్టి నిర్ణయించే అధికారం ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం, అత్యవసర స్థానిక కొనుగోలు. మా దగ్గర నిల్వ పూర్తిగా అయిపోయి, సెంట్రల్ స్టోరులో లభ్యం కాదన్న ధ్రువపత్రం వచ్చాకే బయట కొనడానికి వీలయ్యేది. ఆ ధ్రువపత్రానికి నాలుగు రోజులు పట్టిన సందర్భం ఉంది. నిల్వ కనిష్ఠానికి తగ్గి, సరఫరా తేదీ ఖరారు కాని రోజునే కొనుగోలుకు అనుమతి ఇవ్వండి.

నాట్లు జూలైలో ఊపందుకుంటాయి. ఉత్తర్వు మే నెలలో వెలువడితే, జూన్ ఇండెంట్లలోనే కొత్త అంకెలు వేయడానికి స్టోరు ఫార్మసిస్టులకు వ్యవధి ఉంటుంది. మా పాత లెక్కల నకళ్లు నా దగ్గర ఉన్నాయి. మీ శాఖ అధికారులు పిలిస్తే తీసుకొచ్చి, పక్కన కూర్చుని చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు