ఒక్క కాలువకి మూడు లెక్కలా?

ఎడిటర్ గారూ,

పోయిన వారం మీ పేపర్లో మా పంచాయతీ గురించి "6 లక్షలతో కాలువ పూర్తి" అని వేశారు కదా, అది చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు, ఎందుకంటే ఆ కాలువ మా ఇంటి ముందరే ఉంది, సగం దగ్గరే ఆగిపోయింది. మీ విలేకరిని అనట్లేదండి, మా పంచాయతీ సభ మినిట్స్ చూసే రాసుంటాడు. అసలు గొడవంతా మినిట్స్‌లోనే ఉంది.

నేను గజపతి జిల్లాలోనే ముప్పై ఏళ్లు గుమాస్తా పని చేసి రిటైరయ్యాను, ఊరుకోలేక ఆర్టీఐ పెట్టి పది రూపాయలు కట్టి కాపీ తీయించాను. మినిట్స్‌లో ఒకటే లైను, "కాలువ పనికి 6 లక్షలు ఆమోదించడమైనది, అనెక్సర్ చూడుము" అని. ఏ అనెక్సర్ చూడాలి బాబూ? వెనకాల మూడు కాయితాలు పిన్ను కొట్టి ఉన్నాయి, నంబరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. ఓ పూట కూర్చుని తిరగేస్తే తేలిందేంటంటే, 6,00,000 అనేది ఆ పద్దుకి బడ్జెట్లో పెట్టుకున్న అంచనా. ఆ రోజు సభ మంజూరు చేసింది 4,80,000. మార్చి 31 దాకా బిల్లులకి ఇచ్చింది 3,12,400 మాత్రమే. మూడూ వేరే వేరే లెక్కలు, రాసినాయన మూడిట్నీ ఒక్క "ఆమోదం"లో కుక్కేశాడు.

"నేటి సభ మంజూరు చేసినది 4,80,000, అక్షరాలా నాలుగు లక్షల ఎనభై వేలు, అనెక్సర్-2, పేజీ 3, వరుస 7. ఇప్పటిదాకా చెల్లించినది 3,12,400, అనెక్సర్-3" అని రాయడానికి ఎంతసేపు పడుతుందండీ? అక్షరాల్లో ఎందుకు రాయాలో కూడా చెప్తాను, ఆ పిన్ను కొట్టిన కాయితాల్లో ఒకదాంట్లో అదే వరుసలో 4,08,000 అని ఉంది! సున్నా, ఎనిమిది తారుమారయ్యాయి, ఏది నిజమో పట్టుకోడానికి ఏ ఆధారమూ లేదు. మా రోజుల్లో అయితే మా హెడ్ క్లర్కు ఆ కాయితం మొహాన కొట్టేవాడు.

ఇంకోటి. ఆడిట్ రిపోర్టు సభ ముందు పెట్టారు, అంతే, ఎవరూ చదవలేదు, ఓటూ లేదు, నేను వెనక బెంచీలోనే ఉన్నాను. ఒడియాలో "ఉపస్థాపిత" అని రాయాల్సిన చోట "అనుమోదిత" అని రాసేశారు. పెట్టడం వేరు, ఒప్పుకోడం వేరు కదండీ. రేపు ఆ రిపోర్టులో తప్పు దొరికితే సభ ఒప్పుకుందిగా అంటారు. ఈ మధ్య పోయినేడాది మినిట్సే కాపీ చేసి తేదీ మార్చేస్తున్నారు, అందులో ఏముందో ఎవరు చూశారు గనక.

వచ్చే సభలో పాత మినిట్స్ ఖరారు చేసేటప్పుడే ఈ తప్పులు దిద్దమని అడుగుతాను. వైటనర్ పూయడం కాదు, తప్పు అంకె మీద ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సర్పంచి పొట్టి సంతకం పెట్టాలి. మీరు కూడా ఆ 6 లక్షల వార్తకి సవరణ వేయండి, దయచేసి మొదటి పేజీలోనే.

— ఒక రిటైర్డ్ గుమాస్తా, గజపతి జిల్లా, ఒడిశా